పసిబిడ్డ నొక్కిందా, తప్పులతో రాసిన ప్రశ్నా? పాలకేంద్రం ఫోనులో గుర్తుపట్టే తీరు

ప్రశ్న: "చిత్తూరు దగ్గర ఒక పాలకేంద్రంలో కొత్తగా చేరాను సార్. రైతులు వాట్సాప్‌లో పంపే సందేశాలు చదివి పశువైద్యుడికి గానీ లెక్కల వాళ్లకు గానీ చేరవేయడం నా పని. వాటిలో కొన్ని ఇళ్లలో చిన్నపిల్లలు ఫోను పట్టుకొని నొక్కినవి. కొన్ని నిజంగా అడిగినవే, కానీ నిండా అక్షరదోషాలు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఏది ఏదో ఎలా తెలుసుకోవాలి?"

జవాబు:

తప్పులతో రాసిన సందేశంలో ప్రతి తప్పు అక్షరం వెనుకా ఒక సరైన అక్షరం ఉంటుంది. ఆ రెండింటికీ పలుకులోనో, మీటలు ఉన్న చోటులోనో దగ్గరితనం కనిపిస్తుంది. పసిబిడ్డ నొక్కిన అక్షరాల వెనుక ఏ మాటా ఉండదు. చెయ్యి ఎక్కడ పడిందో అదొక్కటే వాటిలో తెలుస్తుంది. అందువల్ల సందేశాన్ని కంటితో చూసి తేల్చేయకుండా, ముందు మెల్లగా పైకి చదవండి. ఒక్క మాట చెవికి అందినా అది మనిషి రాసినదే అనుకొని మిగతాది విప్పడం మొదలుపెట్టండి. ఏ మాటా అందకపోతే, మీటల మీద వేలు పెట్టి ఆ అక్షరాల వెంట నడిపించి చూడండి. ఈ రెండింటితో చాలావరకు తేలిపోతుంది. తేలనివి కొన్ని మిగులుతాయి, వాటి సంగతి తర్వాత చెబుతాను.

నేను తిరుపతిలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చాలా ఏళ్లు నేర్పించి, ఆ తర్వాత పాలకేంద్రాలకూ పశువైద్యుడికీ వచ్చే సందేశాలు చదివే పనిలోకి వచ్చాను. వేళ్లు ఎక్కడ తప్పుతాయో మొదటి పనిలోనూ, చెవి ఎక్కడ తప్పుతుందో రెండో పనిలోనూ దగ్గరగా చూశాను. మీ ప్రశ్నకు ఆ రెండూ కావాలి.

ముందు పసిబిడ్డ చెయ్యి ఎలా పని చేస్తుందో చూద్దాం. ఏడాది దాటి మూడేళ్ల లోపు పిల్లలు మీటను వెతుక్కొని నొక్కరు. చెయ్యి ఒకచోట ఆనించి, అక్కడక్కడే తడతారు. దానివల్ల వరుసగా వచ్చే అక్షరాలు ఒకే మీటవో, పక్కపక్క మీటలవో అవుతాయి. మా ఫోనుకు వచ్చిన అలాంటి దాని రూపం ఇది:

```
hhjkk bbnn hjjk
```

దీని మీద వేలు పెట్టి నడిపిస్తే, వేలు మీటల పలక మధ్యలో ఒక చిన్న చోటే తిరుగుతుంది. `h`, `j`, `k` నడిమి వరుసలో వరుసగా ఉన్నవి, `b`, `n` వాటి కిందనే ఉన్నవి. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసినప్పుడు వేలు సాధారణంగా ఇలా ఒకచోట ఉండదు. మన మాటల్లో అచ్చులు ఎక్కువ. `a` పలకకు ఎడమ చివర ఉంటుంది, `u`, `i`, `o` కుడివైపు ఉంటాయి. అందుకని రెండు మూడు అక్షరాలకు ఒకసారైనా వేలు ఈ చివరి నుంచి ఆ చివరికి దూకాల్సి వస్తుంది. వేలు దూకుతుంటే మాట, ఒకేచోట తడుతుంటే బిడ్డ అని మొదటి అంచనాగా పెట్టుకోవచ్చు. ఇది అంచనా మాత్రమే. `pulupu` అని రాస్తే అక్షరాలన్నీ కుడిచేతి వైపే ఉంటాయి, `sare` అని రాస్తే అన్నీ ఎడమచేతి వైపే ఉంటాయి, కానీ రెండూ చక్కటి మాటలే. అందుకే పైకి చదవడం ముందు, వేలు నడిపించడం తర్వాత.

ఫోనుకూ కంప్యూటరుకూ ఇక్కడ ఒక తేడా ఉంది. కంప్యూటరు మీటను నొక్కి పట్టుకుంటే అదే అక్షరం ఆగకుండా వస్తూనే ఉంటుంది కాబట్టి, వరుసకు వరుస ఒకే అక్షరంతో నిండితే అది అరచెయ్యి ఆనిన గుర్తు. ఫోనులో అక్షరాన్ని నొక్కి పట్టుకుంటే చాలావాటిలో పైన వేరే గుర్తుల పెట్టె తెరుచుకుంటుందే తప్ప అక్షరం పెరగదు. కనుక ఫోను నుంచి వచ్చిన సందేశంలో ఒకే అక్షరం మూడు నాలుగు సార్లు ఉంటే, అది మాట చివరి పలుకులో ఉందా, అచ్చేనా అని చూడండి. `andiiii`, `saaaar` అన్నవి పెద్దవాళ్లు సాగదీసి బతిమాలుతున్న మాటలు. పసిబిడ్డకు మాట చివర అంటే ఏమిటో తెలియదు, తనకు అచ్చూ హల్లూ ఒకటే.

ఇక పెద్దవాళ్ల తప్పులు. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం మూడు దారుల్లో వస్తాయి. వాటిలో మొదటిది అచ్చులు మింగేయడం. దీని గురించి పొడుగ్గా చెప్పక్కర్లేదు, `mku plu rvtldu` అని ఉంటే "మాకు పాలు రావట్లేదు" అని మీరే చదివేస్తారు. కాకపోతే ఒక జాగ్రత్త. సందేశంలో అచ్చులే లేవు కాబట్టి ఇది చెత్త అని తేల్చేసేవాళ్లను చాలామందిని చూశాను. ఇంగ్లీషు చదివిన కంటికి అచ్చులేని మాట మాటలా కనబడదు. మన ఊళ్లలో మాత్రం వేగంగా రాసేవాళ్లు అలాగే రాస్తారు.

రెండోది చెవి వల్ల వచ్చే తప్పు, మన జిల్లాలో దీన్ని ప్రత్యేకంగా తెలుసుకోవాలి. కుప్పం, గుడిపాల, నగరి వైపు ఇళ్లలో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. త వర్గానికీ, ట వర్గానికీ, ప వర్గానికీ అంతే. ఆ లిపిలో చదువు నేర్చుకున్న చెయ్యి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేటప్పుడు గకారానికి `k`, దకారానికి `th`, డకారానికి `t`, బకారానికి `p` పెట్టేస్తుంది. ఇలా వస్తుంది:

```
thuta katti thinlethu
```

కంటికి ఇది ఏమీ చెప్పదు. పైకి చదివితే "తూట కట్టి తిన్లేతు" అని వినిపిస్తుంది. ఇప్పుడు ప్రతి హల్లును దాని వర్గంలోనే పక్క అక్షరంతో మార్చి చూడండి. అతికే చోట త స్థానంలో ద, ట స్థానంలో డ, క స్థానంలో గ పెడితే "దూడ గడ్డి తినలేదు" అవుతుంది. గమనించాల్సిన విషయం ఏమిటంటే, ఈ తప్పులు ఒక పద్ధతిలో నడిచాయి. మొదటి మాటలోని దకారం `th` అయినట్టే చివరి మాటలోని దకారమూ `th` అయింది. మొదటి మాటలోని డకారం `t` అయినట్టే రెండో మాటలోని డకారం `tt` అయింది. తప్పు ప్రతిసారీ ఒకేలా జరిగితే దాని వెనుక ఒక అలవాటు ఉంది, అలవాటు ఉంటే మనిషి ఉన్నాడు. పసిబిడ్డ నొక్కిన దానిలో అక్షరాలు తిరిగి తిరిగి రావచ్చు, కానీ ఒక పలుకుకు ఎప్పుడూ ఒకే అక్షరం అన్న నియమం రాదు.

మూడోది వేలు జారడం. ఫోనులో చిన్న మీటల మీద లావుపాటి బొటనవేలు, అందులోనూ పాలు పితికి తడిగా ఉన్న వేలు, పక్క మీటను నొక్కుతుంది. `palu` అని నొక్కబోయి `oslu` అని పంపుతారు. `p` పక్కన `o`, `a` పక్కన `s`, మిగతా రెండూ సరిగ్గానే ఉన్నాయి. ఇలాంటి మాట పైకి చదివితే దొరకదు. ప్రతి అక్షరానికీ ఇటు పక్కదీ అటు పక్కదీ వేసి చూస్తే దొరుకుతుంది. అసలు సందేశంలో అన్ని అక్షరాలూ జారవు, ఒకటో రెండో జారతాయి, మిగతావి మాట ఆకారాన్ని పట్టి ఉంచుతాయి.

అన్ని అక్షరాలూ ఒకేసారి జారే సందర్భం ఒకటి ఉంది, అది ఫోనులో కాదు, కంప్యూటరు ముందు కూర్చొని మీటలు చూడకుండా కొట్టేవాళ్ల దగ్గర వస్తుంది. పాల శీతలీకరణ కేంద్రాల్లో కంప్యూటరు దగ్గర ఉండేవాళ్లు రైతు చెప్పింది విని, మొహం చూస్తూ టైపు చేసి పంపుతారు. `F`, `J` మీటల మీద చిన్న గీత తగులుతుంది, చూపుడువేళ్లు అక్కడ ఆనాలి. ఒక్క మీట కుడికి జరిగి ఆనితే సందేశం మొత్తం కుడికి జరుగుతుంది:

```
fppfs hsffo yomsfi
```

దీన్ని చూసిన ఎవరైనా పిల్లల పని అంటారు. కానీ మూడు మాటల మధ్య ఖాళీలు శుభ్రంగా ఉన్నాయి, ఒక్కో మాటలో ఐదారు అక్షరాలున్నాయి, ఎక్కడా `a` లేదు, ప్రతి మాటలోనూ `s` ఉంది. అచ్చులు మింగకుండా తెలుగు రాసినవాళ్ల సందేశంలో `a` ఒక్కటి కూడా లేకపోవడం అనుమానించాల్సిన విషయం. మొదటి మాటనే చూడండి: ఒకటో అక్షరమూ నాలుగో అక్షరమూ ఒకటే, మధ్యలో రెండు అక్షరాలు జంట. ఒక్కో అక్షరాన్ని ఎడమవైపు మీటకు జరిపితే `dooda gaddi tinadu` వస్తుంది. ఖాళీలు చెడిపోకపోవడానికి కారణం, ఖాళీ మీట పొడుగ్గా ఉంటుంది కాబట్టి చెయ్యి ఒక మీట జరిగినా బొటనవేలు దాని మీదే పడుతుంది. పసిబిడ్డ విషయంలో ఇదే మీట తారుమారవుతుంది: అరచెయ్యి పడితే ఖాళీలే ఖాళీలు, పడకపోతే చెయ్యి తగిలినచోట ఒకటో రెండో తప్ప ఖాళీలు ఉండవు.

ఇప్పుడు ఒక సందేశాన్ని మొదటి నుంచి చివరి దాకా విప్పి చూపిస్తాను. మా ఫోనుకు ఒకరోజు పొద్దున్నే, ఒకే నంబరు నుంచి, వెంటవెంటనే రెండు వరుసలు వచ్చాయి:

```
hhjkk bbnn
avydkvchndrtrnchiarstndi dktrepdvstr
```

మా దగ్గర పని నేర్చుకుంటున్న అబ్బాయి మొదటి వరుస చూసి, ఇంట్లో పాప ఫోను తీసుకుంది అని పక్కన పెట్టాడు. మొదటి వరుస విషయంలో అతను చెప్పింది నిజమే. కానీ రెండో వరుస మొదటి దాని కొనసాగింపు కాదు. వేలు పెట్టి నడిపిస్తే `a` నుంచి `v`, అక్కడి నుంచి దూకి `y`, మళ్లీ వెనక్కి `d`, మళ్లీ దూకి `k`. చెయ్యి మారింది.

ఇలాంటి పొడుగు ముద్దను మొదటి నుంచి విప్పబోతే చిక్కుపడతారు. గట్టిగా పట్టు దొరికే చోటు ఒకటి వెతుక్కోవాలి. ఇందులో అది `dktr`. పశువుల కేంద్రానికి వచ్చే సందేశంలో ఈ నాలుగు హల్లులు ఇదే వరుసలో ఉంటే అది డాక్టరే. దాని తర్వాత `epd` అంటే ఎప్పుడు, `vstr` అంటే వస్తారు. ప్రశ్న దొరికింది. ఇప్పుడు వెనక్కి వెళ్దాం. `arstndi` అంటే అరుస్తాంది. దాని ముందు `nchi` అంటే నుంచి. దాని ముందున్నది `rtr`.

ఈ `rtr` దగ్గర ఒక నిమిషం ఆగాలి. `r`, `t` పక్కపక్క మీటలు. ఈ మూడు అక్షరాలనూ విడిగా చూస్తే పసిబిడ్డ తట్టినట్టే ఉంటాయి, వేలి పరీక్ష ఇక్కడ తప్పు చెబుతుంది. కానీ వెనక `nchi` ఉంది, "నుంచి" ముందు ఒక సమయమో స్థలమో రావాలి, కాబట్టి అది రాత్రి. పక్క మాట సాయం లేకుండా ఒక్క మాట మీద తీర్పు చెప్పకూడదని నేను అనేది ఇందుకే. మిగిలిన `avydkvchnd` ఇప్పుడు సులువు: ఆవు, ఎదకు, వచ్చింది. రాసినామె ఎద అన్న మాటలోని ఎకారాన్ని `y` తో మొదలుపెట్టింది, ఎందుకంటే మన నోట్లో ఎద అన్న మాట "యెద" అనే పలుకుతుంది. చకారానికి రెండు చోట్లా `ch` అనే పెట్టింది, అదీ అలవాటే.

మొత్తం కలిపితే: "ఆవు ఎదకు వచ్చింది, రాత్రి నుంచి అరుస్తాంది, డాక్టరు ఎప్పుడు వస్తారు." వెంటనే ఫోను చేయించాను. కోడలు పాపను ఒళ్లో పెట్టుకొని, దాని చేతిలోంచి ఫోను లాక్కొని రాసిందట. ఆవు ఎద ఉండేది సుమారు అరరోజు నుంచి 18 గంటల దాకా. సాయంత్రం, రాత్రి మొదలైతే మర్నాడు పొద్దున, పొద్దున మొదలైతే ఆ సాయంత్రం కృత్రిమ గర్భధారణ చేయించాలన్నది పశువైద్యులు సాధారణంగా పాటించే లెక్క. ఆ సందేశం మధ్యాహ్నం దాకా పక్కన ఉండిపోయుంటే ఎద జారిపోయేది, మళ్లీ సుమారు 21 రోజులు ఆగాలి. ఆ మూడు వారాల మేతా, ఆలస్యమైన ఈతా రైతు నెత్తిన పడతాయి. పిల్లల సందేశాన్ని పెద్దలది అనుకొని ఫోను చేస్తే మీకు రెండు నిమిషాలు పోతాయి. పెద్దల సందేశాన్ని పిల్లలది అనుకుంటే పోయేది ఇంత. అందువల్ల అనుమానం వచ్చిన ప్రతిచోటా రైతు వైపే మొగ్గండి.

మీరు ఎక్కువగా మోసపోయే చోటు ఇంకొకటి ఉంది, అది మీటల పైన మాటలు సూచించే పట్టీ. పసిబిడ్డ ఆ పట్టీ మీదే మళ్లీ మళ్లీ తట్టితే ఫోను తనంతట తాను మాట వెనుక మాట పేర్చుకుంటూ పోతుంది. అన్నీ అసలు మాటలే, అన్నీ సరైన అక్షరక్రమమే, కొన్నిసార్లు వాక్యంలాగా కూడా ఉంటుంది, కానీ కాసేపటికి అవే నాలుగు మాటలు గుండ్రంగా తిరుగుతాయి. కాబట్టి నిండా తప్పులున్న సందేశాన్ని పక్కన పెట్టి, ఒక్క తప్పూ లేని సందేశాన్ని నమ్మకూడదు. మా అనుభవంలో, ప్రతి మాటలోనూ తప్పున్న సందేశం ఎక్కువగా మనిషిది. ఒక్క తప్పూ లేకుండా అర్థమూ లేని సందేశం ఎక్కువగా బిడ్డది. కష్టపడి రాసేవాడు ఆ పట్టీ వైపు చూడడు.

దీనికి తిరగబడ్డ రూపమూ ఉంది. ఇంగ్లీషు మీటల్లో తెలుగు రాస్తున్న రైతు మాటలను ఫోనే దిద్ది పాడుచేస్తుంది. అలాంటప్పుడు సందేశంలో కొన్ని మాటలు తెలుగువి, వాటి నడుమ సంబంధం లేని ఇంగ్లీషు మాటలు, అందులో కొన్ని మనుషుల పేర్లు కూడా వస్తాయి. ఆ ఇంగ్లీషు మాట అర్థం చూడకండి. దాని మొదటి రెండు మూడు అక్షరాలు చూడండి, రైతు రాసిన మాట ఎక్కువగా వాటితోనే మొదలై ఉంటుంది.

తెలుగు లిపిలోనే వచ్చే సందేశాల్లో పని కొంచెం తేలిక. కంప్యూటరులో ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. బిడ్డ ఎడమవైపు తడితే హల్లు లేని గుణింతాలు వరుసగా పడి, తెర మీద చుక్కల సున్నాలు కనబడతాయి. తెలుగు తెలిసినవాడు ఎంత తప్పుగా రాసినా దీర్ఘం బదులు హ్రస్వం పెడతాడు, ణకు న, ళకు ల, షకు స పెడతాడు, వత్తు వదిలేస్తాడు. హల్లు లేకుండా కొమ్ము మీద కొమ్ము మాత్రం పెట్టడు. ఫోనులో వర్ణమాల వరుసలో ఉండే మీటలైతే చుక్కల సున్నాలు రాకపోవచ్చు. అక్కడ ఙ, ఞ, ౠ లాంటివి విడిగా కనబడుతున్నాయా చూడండి. ఆవు గురించి, పాల గురించి అడిగేవాళ్లకు వాటితో పని పడదు. "విజ్ఞప్తి" లాంటి మాటలో ఞ వత్తుగా వస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

ఒక చిన్న మినహాయింపు. `asdfgf ;lkjhj` అన్న వరుస ఎప్పుడైనా కనిపిస్తే అది పసిబిడ్డదీ కాదు, ప్రశ్నా కాదు. టైపు నేర్చుకునేవాళ్లు మొదటి రోజు కొట్టే పాఠం అది. ఇంట్లో ఎవరో సాధన చేస్తూ పొరపాటున పంపి ఉంటారు.

అక్షరాలతో తేలనప్పుడు సందేశాలు వచ్చిన తీరు చూడండి. పిల్లలు పంపేవి నిమిషంలోపే నాలుగైదు గుంపుగా వస్తాయి, మధ్యలో బొమ్మలూ, ఖాళీ వాయిస్ ముక్కలూ ఉంటాయి, కాసేపటికి వాటిని తొలగించినట్టు కనబడుతుంది. పెద్దలది ఒకటి వచ్చి ఆగుతుంది. జవాబు లేకపోతే తర్వాత `??` వస్తుంది, లేదా మిస్డ్ కాల్ వస్తుంది. అయితే తొలగించినవి ఉన్నాయని మొత్తం గుంపును కొట్టేయకండి. పైన చూపిన కోడలి సందేశం లాంటివి గుంపు చివరే ఉంటాయి. గుంపులో చివరి సందేశాన్ని తప్పకుండా విడిగా చదవండి.

అప్పటికీ తేలకపోతే తిరిగి అడగాలి, అడిగే పద్ధతి ముఖ్యం. "మీరు ఏం రాశారో అర్థం కాలేదు" అని పంపితే రాయడం రాని మనిషి సిగ్గుపడి ఇక అడగడు. మీ ఊహను మీరే చెప్పి, అవునో కాదో అని అడగండి: "అమ్మా, ఆవు ఎదకు వచ్చిందనా అడుగుతున్నారు? అవునంటే ఒక మిస్డ్ కాల్ ఇవ్వండి, లేదా నోటితో చెప్పి వాయిస్ పంపండి." రాయలేనివాళ్లకు మిస్డ్ కాల్ ఇవ్వడం తెలుసు. పిల్లల పనే అయితే అవతలి నుంచి ఏమీ రాదు, లేదా పాప నొక్కింది సార్ అని వస్తుంది, రెండూ మంచివే.

ఒక్క చోట మాత్రం ఊహ పనికిరాదు, అది అంకెలు. మాటలో ఒక అక్షరం తప్పితే పక్క మాటలు దాన్ని నిలబెడతాయి. అంకెకు అలాంటి సాయం లేదు. మందు ఎన్ని మిల్లీలీటర్లు పోయాలని అడుగుతూ 10 అని ఉన్నచోట 100 అని పడితే, ఏది తప్పో ఆ సందేశంలో ఏదీ మీకు చెప్పదు. పాల లీటర్ల లెక్క అయినా, మందు కొలత అయినా, తేదీ అయినా, తప్పులున్న సందేశంలో వచ్చిన అంకెను ఫోను చేసి నోటితో చెప్పించుకున్న తర్వాతే వైద్యుడికి గానీ లెక్కల వాళ్లకు గానీ ఇవ్వండి.

చివరిగా, ఒకటి రెండు అక్షరాలతో ఆగిపోయిన సందేశాలు. `h` అన్నది "హా" కావచ్చు, పాప వేలు కావచ్చు. ఆ ఒక్క అక్షరంలో వెతకడానికి ఏమీ లేదు. అప్పుడు మీ రిజిస్టరు తెరవండి. ఆ ఇంటి పశువుకు కృత్రిమ గర్భధారణ జరిగిన తేదీ అందులో ఉంటుంది. ఆవుకైతే సుమారు 280 రోజులు, ఎనుముకైతే సుమారు 310 రోజులు లెక్కవేసి, ఈనే రోజులు దగ్గరపడి ఉంటే ఆ ఒక్క అక్షరానికి కూడా వెంటనే ఫోను చేయండి. ఈనే పశువు లేని ఇల్లయితే ఒక గంట ఆగి, మరో సందేశం రాకపోతే సాయంత్రం పాలు పోయడానికి వచ్చినప్పుడు అడిగినా సరిపోతుంది.